రేటు పడిపోయినా చికెన్ ఎందుకు కొనలేదు?

2020 ఫిబ్రవరిలో చికెన్ రేటు రోజురోజుకూ దిగిపోయింది. కోడిమాంసం తింటే కరోనా వస్తుందన్న పుకారు వాట్సాప్‌లో ఊరూరా తిరుగుతున్న రోజులవి. ఆదివారం పొద్దున కూడా చికెన్ సెంటర్ల ముందు జనం లేరు. దుకాణదారు బోర్డు మీద అంకె చెరిపి, తగ్గించి మళ్లీ రాసినా ఫలితం లేకపోయింది. చివరికి ఫిబ్రవరి 28న తెలంగాణ మంత్రులు కేటీఆర్, ఈటల రాజేందర్, తలసాని శ్రీనివాస్ యాదవ్ హైదరాబాద్‌లో ఒక వేదిక మీద, అందరూ చూస్తుండగా చికెన్ తిని చూపించారు.

ఇంటర్‌లో అర్థశాస్త్రం చదివే పిల్లలకు ఈ సంఘటన చెప్పి, డిమాండ్ రేఖ మీద చూపించమంటే చాలామంది దగ్గర పెన్ను ఆగిపోతుంది. ధర తగ్గితే ఎక్కువ కొంటారు, పెరిగితే తక్కువ కొంటారు అని డిమాండ్ సూత్రం చెబుతుంది. ఇక్కడేమో ధర తగ్గింది, కొనుగోలు కూడా తగ్గింది. మరి సూత్రం తప్పా? కొందరు నిజంగానే అలా రాస్తారు. ఇంకొందరు ధర తగ్గింది కాబట్టి డిమాండ్ పెరిగి ఉంటుందని, కళ్లముందు కనబడినదాన్ని కూడా పక్కనపెట్టి రాస్తారు. ఇద్దరికీ మార్కులు పోతాయి. పోవడానికి కారణం ఒక్కటే. డిమాండ్ రేఖ వెంట కదలడం వేరు, డిమాండ్ రేఖే చోటు మారడం వేరు. ఆ రెంటినీ వాళ్లు కలిపేశారు.

ఈ తేడా తెలియాలంటే ముందు డిమాండ్ రేఖ దేన్ని చూపిస్తుందో సరిగ్గా పట్టుకోవాలి. అది జరిగిన అమ్మకాల చిట్టా కాదు. ఈ ధర అయితే ఇంత కొంటాం, ఆ ధర అయితే అంత కొంటాం అని కొనేవాళ్ల మనసులో ఉన్న లెక్క. ఒక కాలనీలో ఒక చికెన్ దుకాణం ఉందనుకుందాం. ఆదివారం నాడు కిలో 240 రూపాయలైతే ఆ కాలనీవాళ్లు మొత్తం 50 కిలోలు కొంటారు. 220 అయితే 60, 200 అయితే 70, 180 అయితే 80, 160 అయితే 90 కిలోలు కొంటారు. ఈ అంకెలు నేను లెక్క తేలిగ్గా ఉండటానికి వేసుకున్నవి. వీటిని గ్రాఫు మీద చుక్కలుగా పెట్టి కలిపితే ఎడమ పైనుంచి కుడి కిందకు దిగే గీత వస్తుంది. ఆ ఆదివారం బోర్డు మీద 200 ఉంటే, ఆ గీత మీది చుక్కల్లో ఒక్కటి మాత్రమే నిజంగా జరుగుతుంది. మిగతావన్నీ జరిగి ఉండగలిగినవి.

ఆ గీత గీసేటప్పుడు పాఠ్యపుస్తకం ఒక షరతు పెడుతుంది. ఇతర పరిస్థితులు మారకుండా ఉన్నప్పుడు అని. పిల్లలు దాన్ని శ్లోకంలా వల్లె వేసి, రాసి, ముందుకెళ్లిపోతారు. ఈ పాఠానికి ప్రాణం ఆ మాటలోనే ఉంది. కాలనీవాళ్ల ఆదాయం, మటన్ రేటు, చేపల రేటు, కార్తీకమాసమా కాదా, చికెన్ మీద వాళ్లకున్న నమ్మకం, వచ్చేవారం రేటు ఎలా ఉంటుందన్న అంచనా, కాలనీలో ఎన్ని కుటుంబాలున్నాయన్నది, ఇవన్నీ ఒకచోట కట్టేసి ఉంచితే వచ్చిన గీత అది. వీటిలో ఏ ఒక్కటి మారినా ఆ గీత ఇక పనికిరాదు. కొత్త లెక్క వేసుకుని కొత్త గీత గీయాల్సిందే.

కాబట్టి అడగాల్సిన ప్రశ్న చాలా చిన్నది. మారింది గ్రాఫు అక్షం మీద ఉన్నదేనా, కాదా? నిలువు అక్షం మీద ఉన్నది ఆ వస్తువు సొంత ధర. అడ్డం అక్షం మీద దాని పరిమాణం. సొంత ధర మారితే దానికి తగ్గ చుక్క ఆ గీత మీదే ఎక్కడో ఒకచోట ముందే ఉంది, అక్కడికి జరిగితే చాలు. అక్షాల మీద లేనిది మారితే ఆ మార్పును పాత గీత చూపించలేదు, అందుకని గీతే జరగాలి. మన పుస్తకాల్లో మొదటిదాన్ని విస్తరణ, సంకోచం అంటారు. రెండోదాన్ని డిమాండ్ పెరుగుదల, తగ్గుదల అంటారు. పరీక్షలో ఈ రెండు జతల్ని అటూఇటూ మార్చి రాస్తే, బొమ్మ బాగున్నా మార్కు దక్కదు.

ఇప్పుడు పుకారు వచ్చిన వారం చూద్దాం. రేటు ఇంకా 200 దగ్గరే ఉంది. కానీ 70 కిలోలు కొనే కాలనీ 30 కిలోలే అడిగింది. 180 అన్నా 80 బదులు 40 కిలోలే కొంటుంది, 160 అన్నా 90 బదులు 50 కిలోలే. అంటే ప్రతి ధర దగ్గరా 40 కిలోలు తగ్గాయి. గీత మొత్తం 40 కిలోలంత ఎడమకు జరిగింది. ఇక్కడ రేటు ఏ పాపమూ చేయలేదు. జనం భయపడ్డారు, అంతే. ఆ భయం ఏ అక్షం మీదా లేదు.

కథ ఇక్కడితో ఆగదు. 200 రేటుకు 30 కిలోలే పోతుంటే దుకాణం దగ్గర 70 కిలోల సరుకుంది. బ్రాయిలర్ కోడి విషయంలో ఇది మామూలు ఇబ్బంది కాదు. సుమారు ఆరు వారాలకు రెండు కిలోల బరువుకు వచ్చిన కోడిని షెడ్డులో ఉంచుకుంటే రోజూ దాణా తింటుంది, ఆ దాణాకు తగ్గ ధర తిరిగి రాదు. పైగా షెడ్డు ఖాళీ అయితేగానీ కొత్త పిల్లల్ని దించడానికి ఉండదు. అందుకని రైతు వచ్చిన రేటుకు వదిలించుకుంటాడు. అయితే రేటు పడేకొద్దీ మార్కెట్‌కు వచ్చే సరుకు కూడా కొంత తగ్గుతుంది. ఆ రేటుకు రవాణా ఖర్చులు కూడా రావని కొందరు ఆగుతారు, దుకాణదారు కూడా తక్కువే దించుకుంటాడు. మన లెక్కలో 200 దగ్గర 70 కిలోలు వచ్చే సరుకు, 180 దగ్గర 60, 160 దగ్గర 50 కిలోలే వస్తుందనుకుందాం. అప్పుడు రేటు ఎక్కడ ఆగుతుంది? 180 దగ్గర వచ్చేది 60, అడిగేది 40, ఇంకా సరుకు మిగులుతుంది. 160 దగ్గర వచ్చేదీ 50, అడిగేదీ 50. అక్కడ ఆగుతుంది.

ఈ మూడు అంకెల్నీ నెమ్మదిగా చూడండి. మొదట 200 దగ్గర 70 కిలోలు. మధ్యలో అదే 200 దగ్గర 30. చివర 160 దగ్గర 50. మొదటి అడుగులో 40 కిలోలు పోయాయి, అది గీత జరగడం. రెండో అడుగులో ధర 40 రూపాయలు దిగినందుకు 20 కిలోలు తిరిగొచ్చాయి, అది కొత్త గీత వెంట కదలడం. చివరికి తేలింది 20 కిలోల తగ్గుదల. డిమాండ్ సూత్రం ఎక్కడా తప్పలేదు. రెండో అడుగులో అది తన పని తాను చక్కగా చేసింది. 160కి దిగకపోతే 30 కిలోల దగ్గరే ఆగిపోయేది వ్యాపారం. మనం మధ్య అడుగును చూడకుండా మొదటి చుక్కనూ చివరి చుక్కనూ పక్కపక్కన పెట్టుకున్నాం కాబట్టి సూత్రం తలకిందులైనట్టు కనిపించింది. ఆ రెండు చుక్కలు ఒకే గీత మీదివి కావు.

మంత్రులు వేదిక ఎక్కి చికెన్ తినడానికి కారణం కూడా ఇదే. రేటు తగ్గించడమనే మందు అప్పటికే వేసేశారు. దానివల్ల కొత్త గీత మీద కాస్త కిందికి జారడం మాత్రమే జరుగుతుంది. పోగొట్టుకున్నది గీతను. దాన్ని కుడికి తేవాలంటే భయం పోగొట్టాలి, దానికి రేటు బోర్డు పనికిరాదు.

నేను దిద్దిన జవాబు పత్రాల్లో ఈ ప్రశ్నకు ఎక్కువగా కనిపించే తప్పు ఒకటుంది. అది చాలా తెలివైన తప్పు, అందుకే దాని గురించి కాస్త ఎక్కువ చెబుతాను. అబ్బాయి మొదటి వాక్యం సరిగ్గానే రాస్తాడు. పుకారు వల్ల డిమాండ్ తగ్గింది, రేఖ ఎడమకు జరిగింది, ధర తగ్గింది. ఇంతవరకు పూర్తి మార్కులు. తర్వాత ఆగడు. ధర తగ్గింది కాబట్టి డిమాండ్ పెరిగింది, అందువల్ల రేఖ కుడికి జరిగింది, అందువల్ల ధర మళ్లీ పెరిగింది అంటాడు. బొమ్మలో మూడో గీత వస్తుంది, నాలుగోది కూడా రావచ్చు. ఎక్కడ ఆపాలో అతనికే తెలియక, చివరికి ధర మొదటి చోటికే వచ్చిందని ముగిస్తాడు. ఇలా అయితే ప్రపంచంలో ఏ ధరా మారకూడదు. ఎక్కడ జారాడో తేలిగ్గా పట్టుకోవచ్చు. ధర తగ్గినందుకు పెరిగింది కొనే పరిమాణం, డిమాండ్ కాదు. 30 నుంచి 50కి రావడం కొత్త గీత మీదే జరిగిపోయింది. ఆ రాకను గీత ముందే తనలో పెట్టుకుంది కాబట్టి మళ్లీ గీతను జరపనక్కరలేదు.

అతన్ని పూర్తిగా తప్పుపట్టలేం. పత్రికల్లో మనమే రోజూ ధరలు తగ్గడంతో డిమాండ్ పెరిగిందని రాస్తాం, దుకాణంలో అలాగే మాట్లాడుకుంటాం. మామూలు మాటల్లో దాంతో నష్టం లేదు. జవాబు పత్రంలో మాత్రం డిమాండ్ అంటే గీత మొత్తం, డిమాండ్ పరిమాణం అంటే గీత మీది ఒక చుక్క. ఈ ఒక్క కట్టుబాటు పాటిస్తే ఆ గొలుసు మొదలే కాదు.

దీనికి పూర్తిగా ఎదురుగా ఉండే సందర్భం 2023లో టమాటా. ఆ ఏడాది జులై చివరికి మదనపల్లె మార్కెట్లో మేలురకం టమాటా కిలో దాదాపు 200 రూపాయలు పలికింది. ఎండలు, వానలు, తెగుళ్లు కలిసి దిగుబడిని దెబ్బతీశాయి. అంతకుముందు గిట్టుబాటు ధర రాక కొందరు రైతులు టమాటా వేయడం తగ్గించారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతుబజార్లలో కిలో 50 రూపాయలకు అమ్మించింది. కేంద్రం మదనపల్లె, కోలార్ లాంటి చోట్ల కొనిపించి ఢిల్లీలో మొదట 90కి, తర్వాత 80కి, ఆపైన 70కి అమ్మించింది.

ఇక్కడ ఇళ్లలో ఏం జరిగింది? కిలో కొనేవాళ్లు పావుకిలో కొన్నారు. టమాటా పప్పు మానేశారు, చారులో ఒక్క కాయతో సరిపెట్టుకున్నారు. టమాటా మీద ఇష్టం తగ్గిందా? లేదు. ఎవరి జీతమూ ఆ నెలలో పడిపోలేదు. వంట అలవాట్లు మారలేదు. అదే ఇల్లాలికి మర్నాడు రైతుబజారులో 50కి దొరికితే గంటసేపు వరసలో నిలబడి కొనుక్కుంది. అంటే ఆమె మనసులోని లెక్క చెక్కుచెదరలేదు, అదే గీత మీద 150 దగ్గర ఒక చుక్క, 50 దగ్గర ఇంకో చుక్క. జరిగింది సప్లయి గీత. అది ఎడమకు జరిగి, కదలకుండా ఉన్న డిమాండ్ గీతను పైన ఒకచోట తాకింది. ఆ ఇంటి డిమాండ్ తగ్గిందని రాస్తే తప్పు. డిమాండ్ సంకోచించిందనో, డిమాండ్ పరిమాణం తగ్గిందనో రాయాలి.

అదే ఇంట్లో అదే రోజు ఇంకో గ్రాఫు కూడా ఉంది. పరీక్షలు పెట్టేవాళ్లు ఇష్టంగా పట్టుకునేది దాన్నే. టమాటా మండిపోతుంటే పులుపు కోసం ఆమె చింతపండు డబ్బా తీసింది. వారానికి రెండుసార్లు పచ్చిపులుసు, పప్పులోకి చింతపండు. చింతపండు రేటు ఆ వారం ఏమీ మారకపోయినా ఆమె నెలకు అరకిలో బదులు ముప్పావుకిలో కొంటుంది. చింతపండు గ్రాఫులో ఇది గీత కుడికి జరగడం. ప్రశ్నపత్రంలో ఇది ఇలా వస్తుంది: టమాటా ధర పెరిగితే చింతపండు డిమాండ్ రేఖ ఏమవుతుంది? పిల్లల కంటికి ముందు పడేది ధర అన్న మాట. ధర మారింది కాబట్టి రేఖ వెంట కదలిక అని పరుగెత్తుతారు. ధర మారిన మాట నిజమే, ఎవరి ధర? చింతపండు గ్రాఫు నిలువు అక్షం మీద చింతపండు ధర ఉంది. టమాటా ధర దానికి బయటి విషయం, మటన్ రేటు చికెన్‌కు బయటిదైనట్టు. ఒకే సంఘటన ఒక గ్రాఫులో గీత వెంట కదలికగా, పక్క గ్రాఫులో గీత జరగడంగా కనిపిస్తుంది. అందుకే జవాబు మొదలుపెట్టే ముందు నిలువు అక్షం పక్కన ‘ధర’ అని ఊరుకోకుండా ‘చింతపండు ధర’ అని పూర్తిగా రాయమని నేను మా పిల్లలకు చెబుతాను. రెండక్షరాల బద్ధకం వల్ల పోయే మార్కులు ఇక్కడే ఎక్కువ.

పూరక వస్తువుల సంగతీ అంతే, దిక్కు మాత్రం తిరగబడుతుంది. పెట్రోలు రేటు బాగా పెరిగితే పెట్రోలు గ్రాఫులో గీత వెంట పైకి కదులుతాం, ఎక్కువ పెట్రోలు తాగే పెద్ద కార్ల గ్రాఫులో గీత ఎడమకు జరుగుతుంది.

గీత జరగడాన్ని ఎప్పుడూ అడ్డంగానే చదవాలి. అంటే అదే ధర దగ్గర ఎంత ఎక్కువ, ఎంత తక్కువ అని. చాలామంది గీత పైకి జరిగింది, కిందికి జరిగింది అని రాస్తారు. డిమాండ్ విషయంలో అది ఎలాగో గట్టెక్కుతుంది, కుడికి జరిగిన గీత పైకి జరిగినట్టూ కనిపిస్తుంది కాబట్టి. సప్లయి దగ్గరికి వచ్చేసరికి బోల్తా కొడతారు. సప్లయి గీత ఎడమకు జరిగితే, అంటే సరుకు తగ్గితే, బొమ్మలో అది పైకి పోయినట్టు ఉంటుంది. పైకి పోయింది కాబట్టి సప్లయి పెరిగిందని రాసేస్తారు. లెక్కల్లో కారణమైన రాశిని అడ్డంగా, ఫలితాన్ని నిలువుగా పెట్టడం మనకు అలవాటు. ధరను నిలువుగా పెట్టే పద్ధతిని ఆల్‌ఫ్రెడ్ మార్షల్ 1890లో వచ్చిన తన పెద్ద గ్రంథంతో స్థిరపరిచాడు, లోకమంతా దాన్నే పట్టుకుంది. ఆ తిరగేసిన అక్షాలతోనే మన పిల్లలు వేగాలి కాబట్టి ఎడమ, కుడి అన్న మాటలకే కట్టుబడటం మేలు.

ఇంకో రెండు ప్రశ్నలు బాగా చదివేవాళ్లను కూడా తడబెడతాయి. మొదటిది పన్ను, ఉత్పత్తి ఖర్చు. 2024 జులై 23 బడ్జెట్‌లో బంగారం మీద దిగుమతి సుంకాన్ని 15 శాతం నుంచి 6 శాతానికి తగ్గించారు. వెంటనే బంగారం ధర దిగింది, నగల దుకాణాలకు జనం వెళ్లారు. సుంకం అక్షం మీద లేదు కదా, కాబట్టి డిమాండ్ గీత కుడికి జరగాలి అని ఒక విద్యార్థి వాదించాడు. ప్రశ్న మంచిదే. సుంకం కొనేవాడికి నేరుగా తగలదు. అతను దుకాణంలో చూసేది గ్రాము రేటు. సుంకం తగ్గితే సరుకు తెచ్చే ఖర్చు తగ్గుతుంది, సప్లయి గీత జరుగుతుంది, ధర దిగుతుంది, ఆ దిగిన ధర ద్వారానే కొనేవాడి దగ్గరికి కబురు వస్తుంది. కాబట్టి డిమాండ్ వైపు అది గీత వెంట కదలికే. మారిన విషయం అక్షం మీద లేకపోవడం ఒక్కటే చాలదు. అది కొనేవాడి లెక్కను నేరుగా మార్చిందా, లేక అమ్మేవాడి వైపు నుంచి ధర మీదుగా వచ్చిందా అని కూడా చూడాలి. పుకారు కొనేవాడి లెక్కను నేరుగా మార్చింది. తెగులు, వాన, కూలి రేట్లు, డీజిలు, సుంకం, ఇవన్నీ అమ్మేవాడి వైపు తలుపు గుండా వస్తాయి.

రెండోది అంచనా. వచ్చే నెల బంగారం పెరుగుతుందని అందరూ అనుకుంటే ఇవాళే కొనడానికి వెళతారు. ఇక్కడ బంగారం సొంత ధరే మాట్లాడుతోంది కదా అనిపిస్తుంది. అక్షం మీద ఉన్నది ఇవాళ్టి ధర. వచ్చే నెల ధర గురించిన ఊహ ఇవాళ్టి గ్రాఫుకు బయటిది. ఇవాళ్టి రేటు అంతే ఉన్నా ఎక్కువమంది వస్తారు, అంటే గీత కుడికి జరిగింది. ధర పెరుగుతున్నా బంగారం ఇంకా కొంటున్నారే, డిమాండ్ సూత్రం దీనికి వర్తించదా అని అడిగేవాళ్లకు చాలాసార్లు జవాబు ఇక్కడే దొరుకుతుంది. పెరుగుతున్న ధర, ఇంకా పెరుగుతుందన్న నమ్మకాన్ని వెంటబెట్టుకుని వస్తుంది. మొదటిది గీత మీద పైకి తోస్తుంటే రెండోది గీతనే కుడికి లాగుతుంది.

ప్రశ్నలో కారణం చెప్పకుండా ధర, పరిమాణం అంకెలు మాత్రమే ఇచ్చి, ఏం జరిగిందో చెప్పమంటే ఏం చేయాలి? రెండూ ఎటు కదిలాయో చూడాలి. ధర పైకి, అమ్మకం కిందికి పోతే, లేదా ధర కిందికి, అమ్మకం పైకి పోతే, ప్రధానంగా సప్లయి జరిగి డిమాండ్ గీత వెంట కదిలామని అర్థం. టమాటా అలాంటిది. రెండూ ఒకే దిక్కుకు పోతే డిమాండ్ గీత జరిగింది. ఫిబ్రవరి చికెన్ అలాంటిది. ఈ పద్ధతికి ఒక హద్దుంది. రెండు గీతలూ ఒకేసారి జరిగితే అంకెలు తికమక పెడతాయి. అదే 2020లో చికెన్ దీనికీ ఉదాహరణ అయింది. ఫిబ్రవరి, మార్చి నష్టాలు చూసిన రైతులు షెడ్లలో కొత్త పిల్లల్ని దించడం తగ్గించారు. ఆరేడు వారాల తర్వాత మార్కెట్‌కు రావాల్సిన కోళ్లు రాలేదు. అప్పటికి జనానికి పుకారు భయం పోయింది. లాక్‌డౌన్‌లో ఇళ్లలో ఉన్నవాళ్లు చికెన్ కోసం మళ్లీ బయలుదేరారు. మే నాటికి రేటు బాగా ఎక్కింది. డిమాండ్ కుడికి, సప్లయి ఎడమకు జరిగాయి. రెండూ ధరను పైకే నెట్టాయి కాబట్టి ధర గురించి నిక్కచ్చిగా చెప్పగలం. అమ్మకం మాత్రం ఏ గీత ఎక్కువ జరిగిందన్నదాని మీద ఆధారపడుతుంది. పరీక్షలో ఇలాంటిది వస్తే, ధర పెరుగుతుంది, పరిమాణం ఎటు పోతుందో ఇచ్చిన సమాచారంతో తేల్చలేం అన్నదే పూర్తి జవాబు. తేల్చలేం అని రాయడానికి పిల్లలు భయపడతారు. రాయాలి, దానికి మార్కుంది.

ఫిబ్రవరి చుక్కనూ మే చుక్కనూ కలిపి గీత గీస్తే అదేమవుతుంది? ఏ పేరూ లేని గీత అవుతుంది. ఈ తప్పు ఇంటర్ పిల్లలది మాత్రమే అనుకుంటే పొరపాటు. అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన హెన్రీ లడ్వెల్ మూర్ 1914లో ఒక పుస్తకం ప్రచురించాడు. అంకెలతో డిమాండ్ గీతను పట్టుకోవాలని ప్రయత్నించిన తొలితరం పండితుల్లో ఆయన ముఖ్యుడు. పంటల విషయంలో ఆయనకు కిందికి దిగే గీతలే దొరికాయి. పిగ్ ఐరన్ దగ్గరికి వచ్చేసరికి గీత పైకి లేచింది. ధర పెరిగితే ఎక్కువ కొంటున్నారు! ఆయన దాన్ని కొత్త రకం డిమాండ్ గీతగా ప్రకటించాడు. మరుసటి ఏడాదే ఫిలిప్ రైట్ ఆ పుస్తకం మీద సమీక్ష రాస్తూ లోపాన్ని ఎత్తిచూపాడు. ఫ్యాక్టరీలు, రైలుమార్గాలు జోరుగా కట్టే కాలంలో ఇనుము డిమాండ్ గీత కుడికి, మాంద్యంలో ఎడమకు జరుగుతుంది. సప్లయి గీత దాదాపు ఉన్నచోటే ఉంటుంది. అలా ఊగే డిమాండ్ గీత సప్లయి గీతను తాకిన చుక్కలన్నీ కలిపితే వచ్చేది సప్లయి గీత. మూర్ చేతికి దొరికింది అది. పంటల దగ్గర ఆయనకు సరైన గీత ఎందుకు దొరికిందో కూడా ఇందులోనే ఉంది. అక్కడ ఏటా వానను బట్టి ఊగింది సప్లయి. తినేవాళ్ల లెక్క పెద్దగా మారలేదు, కాబట్టి చుక్కలు డిమాండ్ గీత వెంట పడ్డాయి.

1927లో ఎల్మర్ వర్కింగ్ ఈ సంగతినే ఒక వ్యాసంలో బొమ్మలు వేసి విడమరిచాడు. ఎక్కువ ఊగే గీత తక్కువ ఊగే గీత ఆకారాన్ని బయటపెడుతుంది. రెండూ సమానంగా ఊగితే చుక్కలు చెల్లాచెదురుగా పడి ఏదీ తెలియదు. మరుసటి ఏడాది ఫిలిప్ రైట్ నూనెల మీద దిగుమతి సుంకాల గురించి రాసిన పుస్తకం అనుబంధంలో దీనికి దారి చూపించాడు. అవిసెల డిమాండ్ గీత కావాలంటే, ఎకరా దిగుబడి లాగా సప్లయిని కదిలించి కొనేవాళ్ల లెక్కను కదిలించని విషయాన్ని ఒకటి వెతుక్కో, దాని వల్ల వచ్చిన ధర మార్పుల్ని మాత్రమే తీసుకో అన్నాడు. ఇవాళ ఆర్థికవేత్తలు సిగరెట్ పన్ను పెంచితే ఎంతమంది మానేస్తారో లెక్కకట్టేటప్పుడు కూడా ఈ పద్ధతి పిల్లల్నే వాడుతున్నారు.

ఆ కొలమానంతో మన రెండు ఉదాహరణల్ని చూస్తే, టమాటా మీద ఆంధ్ర, తెలంగాణ ఇళ్ల డిమాండ్ గీత ఎలా ఉంటుందో తెలుసుకోవాలనుకునేవాళ్లకు 2023 జులై పనికొస్తుంది. తెగులు, వాన ఇల్లాలి లెక్కను ముట్టుకోకుండా ధరను మాత్రమే కదిలించాయి. చికెన్ డిమాండ్ గీత తెలుసుకోవడానికి 2020 ఫిబ్రవరి పనికిరాదు. ఆ నెలలో కదిలింది డిమాండ్ కాబట్టి, ఆ చుక్కలు కలిపితే కోళ్ల రైతులు ఏ రేటుకు ఎంత సరుకు వదులుకుంటారన్న గీత దొరుకుతుంది. పైన వేసుకున్న కాలనీ లెక్కలో 200 దగ్గర 70, 160 దగ్గర 50 కలిపి చూడండి. అది సరిగ్గా మనం సప్లయికి పెట్టుకున్న గీతే.